4 పౌండ్ల 44 పెన్నీల లిమిట్ ఎక్కడి నుంచి వచ్చింది? బుక్‌మేకర్ డెస్క్ వెనుక లెక్క

ప్రశ్న: "అన్నా, మీరు బెట్టింగ్ కంపెనీ ట్రేడింగ్ డెస్క్ మీద పనిచేశారని విన్నాను. మా తమ్ముడు లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ లైసెన్స్ ఉన్న కంపెనీలో కౌంటీ టీ20కి టాప్ బ్యాటర్, అంటే జట్టులో అందరికంటే ఎక్కువ పరుగులు ఎవరు చేస్తారన్న పందెంలో, ఒకరి మీద 50 పౌండ్లు పెట్టబోతే, 5.50 రేటుకి 4.44 మాత్రమే తీసుకుంటామంది. అదే మ్యాచ్‌లో 10 రేటున్న ఇంకో బ్యాటర్ మీద 2.22 అంది. వాడు పెద్దగా గెలిచింది కూడా లేదు. రెండు వైపులా డబ్బు సమానం చేసుకోవడానికే రేట్లు మారుస్తారంటారు కదా, 50 పౌండ్లకు వాళ్ళ బుక్ ఏం తలకిందులవుతుంది?"

ముందు మీ తమ్ముడు పంపిన ఆ రెండు అంకెలనే చూద్దాం. జవాబులో సగం వాటిలోనే ఉంది.

5.50 రేటు అంటే ఒక పౌండు పెట్టి గెలిస్తే, పెట్టిన పౌండుతో కలిపి 5.50 చేతికొస్తుంది. అంటే కంపెనీ జేబులోంచి పోయేది 4.50. మీవాడు 4.44 పెడితే కంపెనీకి పోయేది 4.44 ఇంటూ 4.50, అంటే 19.98 పౌండ్లు. ఇప్పుడు రెండో బ్యాటర్‌ని చూడండి. రేటు 10, కాబట్టి పౌండుకు పోయేది 9. 2.22 ఇంటూ 9 చేస్తే మళ్ళీ 19.98. రెండుచోట్లా ఒకటే అంకె వచ్చింది. కంపెనీ అతను పెట్టే డబ్బుకి హద్దు పెట్టలేదు, అతనికి తాను ఇచ్చుకోవాల్సి వచ్చే డబ్బుకి 20 పౌండ్లని హద్దు పెట్టింది. డెస్క్ మీద లయబిలిటీ అనేది దీన్నే. ట్రేడర్ ఎదురుగా ఉన్న స్క్రీన్ మీద "ఎంత పెట్టాడు" కంటే "గెలిస్తే మనకెంత పోతుంది" అనే కాలమ్‌నే ముందు చూస్తాడు.

ఆ 20 ఊరికే పుట్టిన అంకె కాదు. ప్రతి మార్కెట్‌కీ, అంటే పందెం కాయగల ఒక్కో ప్రశ్నకీ, ఒక పందెం మీద గరిష్ఠంగా ఎంత పోగొట్టుకోవచ్చో ముందే రాసి ఉంటుంది. కౌంటీ టీ20 టాప్ బ్యాటర్ లాంటి చిన్న మార్కెట్‌కి అది 2,000 పౌండ్లు అనుకుందాం. కొత్తగా వచ్చిన మామూలు కస్టమర్ అయితే 5.50 రేటుకి 2,000ని 4.50తో భాగించి 444.44 దాకా తీసుకుంటారు. ఆ తర్వాత ప్రతి అకౌంట్‌కీ ఒక గుణకం ఉంటుంది, మేము స్టేక్ ఫ్యాక్టర్ అనేవాళ్ళం. మామూలు వాళ్ళకి అది 1. మీ తమ్ముడికి అది 0.01 అయ్యుంటుంది. 444.44లో నూరో వంతు 4.44. మార్కెట్ హద్దు 1,000 అయి గుణకం 0.02 అయినా ఇదే అంకె వస్తుంది కాబట్టి ఈ రెండింటిలో ఏదో బయటినుంచి తేల్చలేం. కానీ లెక్క నడిచే పద్ధతి మాత్రం ఇదే. చిల్లరతో సహా అంత వింతగా ఉన్న అంకె కనిపించిందంటే అది మనిషి ఆలోచించి ఇచ్చింది కాదు, భాగహారం చేసి యంత్రం ఇచ్చింది.

ఇక మీ అసలు ప్రశ్న. రెండు వైపులా డబ్బు సమానం చేయడమే బుక్‌మేకర్ పని అని ఉద్యోగంలో చేరేదాకా నేనూ నమ్మాను. మా ఆఫీసు ఇక్కడే బెంగళూరులో, అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉండేది. ఇంగ్లండ్ కంపెనీకి రాత్రి షిఫ్టుల్లో క్రికెట్ రేట్లు చూసేవాళ్ళం, టీమ్‌లో సగం మంది మారతహళ్ళి పీజీల్లో ఉండే మనవాళ్ళే. చేరిన మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చెబితే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

రెండు జట్లూ సమానంగా ఉన్న మ్యాచ్. రెండింటికీ 1.91 పెట్టాం. న్యాయంగా అయితే రెండింటికీ 2.00 ఉండాలి, ఆ తేడాయే కంపెనీ మార్జిన్. జనానికి ఇష్టమైన జట్టు మీద 40,000 పౌండ్లు పడ్డాయి, అవతలి జట్టు మీద 10,000. లెక్క వేసి చూశాను. ఇష్టమైన జట్టు గెలిస్తే 76,400 ఇవ్వాలి, వచ్చింది 50,000, కాబట్టి 26,400 నష్టం. అవతలి జట్టు గెలిస్తే 19,100 ఇచ్చి 30,900 మిగుల్చుకుంటాం. ఆ 26,400 ఎర్ర అంకెల్లో కనిపించేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. బుక్ సమానం చేద్దామని ఇష్టమైన జట్టుని 1.75కి తగ్గించి, అవతలి జట్టుని 2.10కి పెంచాను. నిమిషాల్లో అవతలి జట్టు మీద డబ్బు వచ్చి పడింది. బుక్ సమానమవుతోందని సంతోషించాను.

మరుసటి రోజు మా హెడ్ ట్రేడర్ నన్ను కూర్చోబెట్టి ఒక్కటే అడిగాడు. "నీ లెక్క ప్రకారం ఆ జట్టు గెలిచే అవకాశం ఎంత?" సగం అన్నాను. "మరి సగం అవకాశానికి 2.10 ఎందుకిచ్చావు?" నా దగ్గర సమాధానం లేదు. నేను రేటు మార్చకముందు, మ్యాచ్ నిజంగా సగం సగమే అయితే, ఆ 50,000 మీద మాకు సగటున రావాల్సింది 2,250. ఎలాగంటే 30,900లోంచి 26,400 తీసేసి సగం చేయండి. డబ్బు ఒక వైపే పడినా ఆ సగటు చెక్కుచెదరదు. నేను 2.10 ఇచ్చాక వచ్చిన ప్రతి వంద పౌండ్ల మీద మాత్రం మేమే అయిదు పౌండ్లు ఎదురిచ్చాం. పైగా ఆ రేటు అందుకున్నవాళ్ళు మామూలు జనం కాదు, ఇలాంటి తప్పు రేటు కోసం పదిహేను సైట్లు తెరుచుకుని కాచుక్కూర్చునేవాళ్ళు. ఒక్క రాత్రి 26,400 పోతుందేమోనన్న భయంతో, ఏడాది పొడవునా రావాల్సిన సగటు ఆదాయాన్ని వాళ్ళకి దానం చేశాను.

అందుకే పెద్ద కంపెనీ బుక్‌ని సమానం చేయడానికి పరుగులు పెట్టదు. ఏడాదికి వేలాది మ్యాచ్‌లు ఉంటాయి. ఒకదాంట్లో 26,400 పోతే ఇంకోదాంట్లో 30,900 వస్తుంది. రేటు సరిగ్గా ఉన్నంతకాలం ఊగిసలాటని భరిస్తుంది. దానికి ఒక ఎర్ర గీత మాత్రం ఉంటుంది. ఫలానా మార్కెట్‌లో ఏ ఫలితం మీదైనా ఇంతకు మించి పోకూడదని ఒక అంకె. ఆ గీత దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే రేటు కొద్దికొద్దిగా తగ్గిస్తారు, లేదా బయట కొంత కాసి బరువు దించుకుంటారు. గీత దాకా రాకముందు, ఎంత పడిందన్నది కాదు, ఎవరు పెట్టారన్నదే రేటుని కదిలిస్తుంది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఇంగ్లండ్‌లో కౌంటీ టీ20 సాయంత్రం ఆరున్నరకి మొదలైతే మనకి రాత్రి పదకొండు. టాస్ పదిన్నరకి. ఆ రోజు పదీ పది ప్రాంతంలో టాప్ బ్యాటర్ మార్కెట్ నా చేతిలో ఉంది. జట్టులో పేరున్న బ్యాటర్ 3.75కి ఉన్నాడు, అతని మీద అప్పటికే 6,000 పౌండ్లు పడ్డాయి. గెలిస్తే పోయేది 16,500. నేను అతని రేటు ముట్టుకోలేదు. ఇంతలో ఆరో నంబర్‌లో ఆడే ఒక కుర్రాడి మీద 15.00 రేటుకి 25 పౌండ్ల పందెం స్క్రీన్ మీదికి వచ్చింది. అకౌంట్ పక్కన ఎర్ర చుక్క ఉంది, అంటే తెలివైన కస్టమర్ అని గుర్తు. అలాంటి అకౌంట్‌ల నుంచి వచ్చే పందెం నేరుగా పడదు, ట్రేడర్ దగ్గర కొన్ని సెకన్లు ఆగుతుంది. ఒప్పుకోవచ్చు, కొంతే తీసుకోవచ్చు, కొత్త రేటు చెప్పొచ్చు, వద్దనొచ్చు. 25 ఒప్పుకుని, రేటుని 15 నుంచి 12కి దించాను. నిమిషం తిరక్కుండానే ఎర్ర చుక్క ఉన్న ఇంకో అకౌంట్ నుంచి 20 పౌండ్లు. ఈసారి మార్కెట్ మొత్తం ఆపేశాను. టాస్ అయ్యాక జట్టు షీట్ వచ్చింది. ఆ కుర్రాడు ఓపెనింగ్ చేస్తున్నాడు. అందరూ అతన్ని 5.00కి తెచ్చారు.

ఇక్కడ మా మార్జిన్ కలిపి 5.00 అంటే, మార్జిన్ తీసేస్తే అతని అసలు రేటు సుమారు 6.00. ఆరింట ఒక వంతు అవకాశమున్నవాడిని నేను 15.00కి 25 పౌండ్లు అమ్మాను. సగటున ఆ ఒక్క పందెం మీద 37.50 పౌండ్ల నష్టం. అదే సమయంలో పేరున్న బ్యాటర్ అసలు రేటు 4.30 చుట్టూ ఉండగా జనం 3.75కి పెట్టిన 6,000 మీద సగటున వచ్చేది దాదాపు 770. స్క్రీన్ మీద 16,500 పెద్దగా, ఎర్రగా కనిపిస్తుంది, 25 చిన్నగా కనిపిస్తుంది. ఆ పెద్ద అంకె మాకు ఆదాయం, చిన్న అంకె నష్టం. ఇది కళ్ళకి అలవాటయ్యేదాకా ఎవరూ ట్రేడర్ కాలేరు.

ఇంకో సంగతి. ఆ 25 పౌండ్లని నేను వద్దనకుండా ఎందుకు తీసుకున్నాను? అందులో వార్త ఉంది కాబట్టి. అతనికి నాకంటే ముందు ఏదో తెలిసింది. 37.50 ఖర్చుతో నాకు ఆ సంగతి చేరింది, మార్కెట్ ఆపేసి మిగతా వేల మంది 15.00కి ఎగబడకుండా కాపాడుకోగలిగాను. తెలివైన కస్టమర్‌కి లిమిట్ సున్నా చేయకుండా చిన్న మొత్తం వదిలే కంపెనీలు ఉన్నాయంటే కారణం ఇదే. ఇప్పుడు ఇదంతా చాలావరకు ప్రోగ్రామే చేస్తుంది. ప్రతి అకౌంట్‌కీ ఒక బరువు ఉంటుంది, పెట్టిన డబ్బుని ఆ బరువుతో గుణించి రేటు ఎంత కదలాలో తేలుస్తుంది. ఒకరి 25 పౌండ్లు ఇంకొకరి 5,000 కంటే ఎక్కువగా రేటుని కదిలించవచ్చు.

మరి "వాడు పెద్దగా గెలవలేదు కదా" అన్నారు. చాలామంది తడబడేది ఇక్కడే. కంపెనీ మీ తమ్ముడి లాభనష్టాలు చూసి ఆ నిర్ణయం తీసుకోలేదు. యాభై పందేల గెలుపోటముల్లో అదృష్టమే ఎక్కువ, వాటినిబట్టి ఒక మనిషి గురించి ఏమీ చెప్పలేం. వాళ్ళు చూసేది, అతను ఏ రేటుకి కాశాడు, మ్యాచ్ మొదలయ్యే క్షణానికి ఆ రేటు ఎంతకి చేరింది అన్నది. ఉదాహరణకి అతను 2.10కి కాశాడు. మ్యాచ్ మొదలయ్యేసరికి అది 1.95, అవతలి వైపు 1.87. ఈ రెండింటిలోంచి మార్జిన్ తీసేస్తే అతని వైపు అసలు రేటు 2.04 చిల్లర అవుతుంది. అంటే అతను దొరకాల్సినదానికంటే మూడు శాతం దాకా మంచి రేటు పట్టుకున్నాడు. ఒకసారి జరిగితే ఏమీ లేదు. ఇరవై, ముప్ఫై పందేల్లో వరసగా ఇలాగే ఉంటే, ఆ ముప్ఫైలో ఇరవై ఓడిపోయినా సరే, ట్రేడర్ అకౌంట్‌కి ఎర్ర చుక్క పెట్టేస్తాడు. ఓడిపోతున్నవాడికి లిమిట్ ఎందుకన్న ప్రశ్నకి ఇంతకంటే వేరే జవాబు లేదు. ముగింపు రేటు అనేది అందరి సమాచారమూ కలిసిన రేటు. దాన్ని పదే పదే ముందుగా కొట్టేవాడు ఇప్పుడు ఓడినా రేపు గెలుస్తాడని వాళ్ళకి తెలుసు.

ఒక్కోసారి ఆ లెక్క కూడా అక్కర్లేదు. కౌంటీ టీ20 టాప్ బ్యాటర్ లాంటి చిన్న మార్కెట్లలోనే ఆడటం, జట్టు వార్తలు వచ్చే ముందు పది నిమిషాల్లోనే రావడం, మార్కెట్‌లో అందరికంటే ఎక్కువ రేటు ఇక్కడున్నప్పుడు మాత్రమే కాయడం, 50 లాంటి రౌండ్ ఫిగర్లకి బదులు 37.80 లాంటివి పెట్టడం. ఇవన్నీ కనిపిస్తే మూడో పందానికే గుణకం తగ్గించినవాళ్ళని చూశాను. దీనివల్ల అన్యాయమయ్యేవాళ్ళు ఉంటారు. ఊరికే సరదాకి ఆడేవాడి అలవాట్లు కూడా పొరపాటున అలాగే కనిపించవచ్చు. ఈ పద్ధతిలో నాకు నచ్చనిది అదే. అకౌంట్‌కి చుక్క పెట్టడానికి ఒక నిమిషం చాలు, తీయడానికి ఎవరూ కూర్చోరు.

లయబిలిటీ నిజంగా రేటుని వంచేసే సందర్భాలూ ఉంటాయి. నాకు తెలిసినంతలో దానికి 1996 సెప్టెంబర్ 28ని మించిన ఉదాహరణ లేదు. ఇంగ్లండ్‌లోని ఆస్కాట్ గుర్రప్పందేల్లో ఆ రోజు ఫ్రాంకీ డెటోరి అనే జాకీ ఏడు రేసులకి ఏడూ గెలిచాడు. జనం అతని గుర్రాలన్నింటినీ కలిపి ఒకే పందెంగా కాశారు. మొదటిది గెలిస్తే వచ్చినదంతా రెండోదాని మీదికి, అది గెలిస్తే మూడోదాని మీదికి. విడివిడిగా చూస్తే ఒక్కో పందెం రెండు పౌండ్లు, అయిదు పౌండ్లు. కానీ ఆరు రేసులు గెలిచేసరికి అవన్నీ ఉబ్బిపోయి, ఏడో రేసులో ఒకే ఒక్క గుర్రం మీద నిలబడ్డాయి. ఆ గుర్రం పేరు ఫుజియామా క్రెస్ట్. ఉదయం దాని రేటు 12కి 1.

ఆ పందేలకి చెల్లింపు రేసు మొదలయ్యే క్షణంలో మైదానంలో నడిచే రేటుని బట్టి ఉంటుంది. కాబట్టి ఊళ్ళలో షాపులున్న కంపెనీలు తమ మనుషులతో మైదానానికి డబ్బు పంపి, అదే గుర్రం మీద కాయించాయి. మైదానంలో రేటు పడిపోయి రేసు మొదలయ్యేసరికి 2కి 1 అయింది. 12కి 1 దగ్గర ప్రతి పౌండుకీ 13 తిరిగి ఇవ్వాలి, 2కి 1 దగ్గర 3 ఇస్తే చాలు. గుర్రం ఉదయం కంటే ఏమాత్రం మెరుగుపడలేదు, రేటు మాత్రం నాలుగో వంతు కంటే తక్కువకి వచ్చింది. మైదానంలో ఉన్న ఒక బుక్‌మేకర్ ఇది గమనించాడు. ఇంత తప్పు రేటు మళ్ళీ రాదనుకుని ఆ గుర్రం మీద వచ్చినంత డబ్బు తీసుకున్నాడు. లెక్క ప్రకారం అతను చేసింది సరైన పనే. గుర్రం గెలిచింది. ఆ అప్పు తీర్చడానికి అతనికి ఏళ్ళు పట్టింది. కంపెనీలన్నీ కలిపి పోగొట్టుకున్నది కోట్ల పౌండ్లు.

ఈ ఒక్క రోజులో మీరు అడిగిన రెండు విషయాలూ ఉన్నాయి. ఒకటి, రేటు పడిందంటే ఎవరికో వార్త తెలిసిందనే కాదు, ఎవరో బరువు దించుకుంటున్నారని కూడా కావచ్చు. రెండు, సగటు లెక్క సరిగ్గా ఉన్నా, జేబు చిన్నదైతే ఒక్క రోజే మనిషిని ముంచుతుంది. ఎర్ర గీత పెట్టేది ఇందుకే. ఇక్కడ బెంగళూరు రేస్ కోర్సుకి నేను వెళ్ళిన రోజుల్లో బుక్‌మేకర్ల రింగులో నిలబడి బోర్డులు చూసేవాడిని. ఒక స్టాల్‌లో రేటు ఒక్కసారిగా పడి, మిగతా బోర్డులు కాసేపు కదలకపోతే, అది ఆ ఒక్క స్టాల్ మోస్తున్న బరువు. అన్ని బోర్డులూ ఒకదాని వెనుక ఒకటి కదిలితే అది వార్త. ఆన్‌లైన్‌లోనూ ఈ గుర్తే పనికొస్తుంది. ఒక సైట్‌లోనే రేటు మారి మిగతా చోట్ల అలాగే ఉందంటే ఆ కంపెనీ సొంత లయబిలిటీ, అన్నిచోట్లా రెండు నిమిషాల్లో మారిందంటే సమాచారం.

లిమిట్లు మార్కెట్‌ని బట్టి, వేళని బట్టి ఎందుకు మారతాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. రేటు మీద నమ్మకం తక్కువున్నప్పుడు హద్దు చిన్నగా ఉంటుంది, నమ్మకం పెరిగేకొద్దీ పెంచుతారు. ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారన్న మార్కెట్‌ని ప్రపంచమంతా చూస్తుంది, మొదలయ్యే గంట ముందు ఆ రేటు దాదాపు కచ్చితంగా ఉంటుంది, అక్కడ ఒక పందెం మీద 50,000 పౌండ్లు పోగొట్టుకోవడానికీ సిద్ధపడొచ్చు. మీ తమ్ముడి గుణకం 0.01 అనుకున్నా, 1.80 రేటుకి 50,000ని 0.80తో భాగించి నూరో వంతు చేస్తే 625 పౌండ్లు. ఆ అకౌంట్‌లో అక్కడ 50 పెడితే లిమిట్ ఉన్నట్టు కూడా తెలియదు. కౌంటీ బ్యాటర్ దగ్గరికి వచ్చేసరికి 4.44.

అందరూ ఒకే దారిలో నడవరు. పిన్నకిల్ లాంటి కంపెనీ గెలిచేవాళ్ళని తాము ఆపబోమని బహిరంగంగానే చెబుతుంది. అక్కడ మార్జిన్ తక్కువ, రేటు తెరిచినప్పుడు అందరికీ చిన్న హద్దు, తెలివైనవాళ్ళ పందేలతో రేటు సరిదిద్దుకుని, తర్వాత అందరికీ హద్దు పెంచుతారు. ఇంగ్లండ్ వీధుల్లో షాపులున్న రకం కంపెనీలు దీనికి ఎదురు. మంచి రేట్లు, బోనస్‌లు, బోలెడు చిన్న మార్కెట్లు చూపించి జనాన్ని పిలుస్తాయి, అందులోంచి తెలివైనవాళ్ళని ఏరి గుణకం తగ్గిస్తాయి. వందల చిన్న మార్కెట్లకి కచ్చితమైన రేట్లు పెట్టేంత మంది ట్రేడర్లు ఏ డెస్క్ మీదా ఉండరు. రేటు తప్పయినా ఎవరూ పెద్దగా వాడుకోకుండా ఉండటానికి అక్కడ లిమిటే కాపలా. నిజానికి 4.44 అన్న అంకె మీ తమ్ముడి గురించి ఎంత చెబుతుందో, ఆ 5.50 రేటు మీద కంపెనీకున్న అపనమ్మకం గురించీ అంతే చెబుతుంది.

బ్రిటన్‌లో ఇంత పందెం తీసుకుని తీరాలన్న చట్టం లేదు, కంపెనీ తనకి ఇష్టం లేని పందాన్ని కాదనవచ్చు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2014 నుంచి గుర్రప్పందేలకి కనీస హద్దు ఉంది. అక్కడ రూలు పెట్టిన తీరు చూడండి. ఇన్ని డాలర్ల పందెం తీసుకోవాలని రాయలేదు. నగర రేసుల్లో 2,000 డాలర్లు, మిగతా చోట్ల 1,000 డాలర్లు పోగొట్టుకునేంత దాకా తీసుకోవాలని రాశారు. రూలు రాసినవాళ్ళు కూడా ట్రేడర్ చూసే కాలమ్‌నే పట్టుకున్నారు.

మీవాడు ఇప్పుడేం చేయొచ్చంటే, కస్టమర్ కేర్‌తో వాదించి లాభం లేదు, వాళ్ళకి గుణకం కనిపించదు, మార్చే అధికారమూ ఉండదు. బెట్‌ఫెయిర్ లాంటి ఎక్స్ఛేంజ్‌లో అవతల కాసేది ఇంకో మనిషి, సైట్ కమిషన్ తీసుకుంటుంది కాబట్టి గెలిచేవాడంటే దానికి భయం లేదు. కానీ కౌంటీ టాప్ బ్యాటర్ లాంటి మార్కెట్‌లో అక్కడ అవతల నిలబడేవాళ్ళే తక్కువ, 50 పౌండ్లకి మంచి రేటు చాలాసార్లు దొరకదు. స్నేహితుడి పేరుతో అకౌంట్ తెరిచి ఆడే ఆలోచన మాత్రం అసలు వద్దని చెప్పండి. ఆడే తీరు ఒకటే కాబట్టి కొద్ది రోజుల్లో ఆ అకౌంట్‌కీ చుక్క పడుతుంది. పేరు, బ్యాంక్ వివరాలు కలవలేదని తేలితే గెలిచిన డబ్బు ఆపేసే హక్కు నిబంధనల్లోనే ఉంటుంది, వీసా మీద ఉన్న కుర్రాడికి ఆ తలనొప్పి అవసరం లేదు.

ఇది చదివి మన ఊళ్ళో ఎవరైనా "లిమిట్ లేని ఐడీ ఇస్తాం" అన్న టెలిగ్రామ్ వాళ్ళ వైపు చూస్తారేమోనని చెబుతున్నాను. ఇక్కడ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. అది పక్కన పెట్టి లెక్క మాత్రమే చూసినా, ఎవరి దగ్గరైనా, ఏ రేటుకైనా, ఎంతైనా తీసుకునే డెస్క్ ఎన్నాళ్ళో బతకలేదు. ఆస్కాట్‌లో ఆ బుక్‌మేకర్ ఎంత తెలిసినవాడో చూశారు కదా. లిమిట్ లేదంటే లయబిలిటీని ఇంకో చోట ఆపుతున్నారని అర్థం, అంటే గెలిచిన డబ్బు ఇచ్చే చోట. గెలిచి ఐడీ బ్లాక్ అయినవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఫిర్యాదు చేద్దామంటే వాళ్ళకి వెళ్ళే చోటు లేదు.

మీ తమ్ముడిని ఒక్క పని చేయమనండి. పందెం కాయక్కర్లేదు, గరిష్ఠ మొత్తం ఎంత చూపిస్తోందో చూస్తే చాలు. ఇలాంటి కౌంటీ మ్యాచ్‌కే ఉదయం ఒకసారి, టాస్ అయ్యి జట్టు షీట్ వచ్చాక ఒకసారి చూసి, ఆ అంకెని రేటులోంచి ఒకటి తీసేసి వచ్చినదానితో గుణించి పంపమనండి. రెండుసార్లూ 20 దగ్గరే ఉంటే ఆ కంపెనీ మార్కెట్ హద్దుని వేళని బట్టి మార్చట్లేదు. రెండోసారి 40కో 60కో పెరిగితే, టాస్ ముందు వార్తకి భయపడి హద్దు దించి పెడుతున్నారని తేలుతుంది. ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి, మిగతాది చూద్దాం.